సీఈఓ నెలవారీ సందేశంపై కలం పెట్టే ముందు జాగ్రత్తలు

- ముందు అసలు డ్రాఫ్ట్ కాపీ ఒకటి విడిగా దాచండి. మార్పులన్నీ ట్రాక్ చేంజెస్‌లోనే చేయండి.

- సీఈఓతో ఒక్క పది నిమిషాలు మాట్లాడే వీలు అడగండి. "ఈ నెల మీకు గుర్తుండిపోయిన విషయం ఏంటి సార్?" అంటే చాలు. ఆయన నోటి మాటలు అలాగే రాసుకోండి, సందేశానికి గొంతు అక్కడే దొరుకుతుంది.

- పడికట్టు మాటల కింద గీత గీయండి, కానీ వెంటనే కొట్టేయకండి. ఉదాహరణకు "మన బృందం అంకితభావంతో కస్టమర్ అనుభవాన్ని మెరుగుపరిచింది" అని ఉందనుకోండి. ఎవరు, ఏం చేశారు, ఏం మారింది అని అడగండి. జవాబు వస్తే వాక్యం ఇలా మారుతుంది: "రాత్రి షిఫ్టు వాళ్లు ఫిర్యాదుల్ని ఉదయం దాకా ఆపకుండా అప్పుడే పంపడం మొదలుపెట్టారు. పొద్దున్నే వచ్చే కోపం కాల్స్ తగ్గాయి." జవాబు రాకపోతే ఆ వాక్యం తీసేయండి. వివరాలు మీరు మాత్రం కల్పించవద్దు, చదివేవాళ్లలో ఆ షిఫ్టు వాళ్లూ ఉంటారు.

- "పరిశీలిస్తున్నాం" అన్నదాన్ని సాఫీగా ఉంటుందని "చేస్తాం" అని మార్చకండి. జీతాల పెంపు దగ్గర అది హామీ అయిపోతుంది.

- "పునర్వ్యవస్థీకరణ" అంటే ఉద్యోగాలు పోవడమేనా? అయితే ఆ మాటే సూటిగా రాయాలి. హెచ్‌ఆర్, లీగల్ చూశాకే ముట్టుకోండి.

- లిస్టెడ్ కంపెనీ అయితే, స్టాక్ ఎక్స్ఛేంజీకి తెలపని ఫలితాల అంకెలు ఇందులో ఉండకూడదు.

- చివరి కాపీని ఆయన్నే పైకి చదవమనండి. తడబడిన చోటు ఇంకా ఆయన మాట కాలేదన్నమాట.