కడుతున్న ఫ్లాట్‌కు హోమ్ లోన్: విడతలు ఎలా తీసుకోవాలి, ప్రీ-ఈఎంఐ ఎలా తగ్గించుకోవాలి?

విడత డబ్బు కట్టమని బిల్డర్ దగ్గర్నుంచి డిమాండ్ లెటర్ రాగానే, చదవకుండానే సంతకం పెట్టి బ్యాంకుకు పంపేవాళ్లను చూసి చూసి విసుగొచ్చింది. వడ్డీ రేటులో పావు శాతం తగ్గించుకోవడానికి నాలుగు బ్యాంకులు తిరిగినవాళ్లే, ఆ ఒక్క సంతకంతో అంతకంటే ఎక్కువ పోగొట్టుకుంటారు.

ముందుగా కాగితాలు

రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరా దగ్గర ప్రాజెక్టు రిజిస్టరైన నంబరు, మీ వాటాగా కట్టాల్సిన డబ్బు, రిజిస్టర్ అయిన సేల్ అగ్రిమెంట్, బ్యాంకు శాంక్షన్ లెటర్ ఉండాలి. అగ్రిమెంట్ రిజిస్టర్ కాకముందు బిల్డర్ 10 శాతానికి మించి తీసుకోకూడదని రెరా చట్టం చెబుతోంది. అంతకంటే ఎక్కువ అడిగితే ఇవ్వకండి. మీ వాటా మొత్తం కట్టాకే సాధారణంగా బ్యాంకు తన డబ్బు తీస్తుంది. ఇందులో పెద్దగా తికమక లేదు.

లెక్క ఒకసారి వేసుకోండి

హైదరాబాద్ శివారులో 75 లక్షల ఫ్లాట్ అనుకుందాం. మీ వాటా 15 లక్షలు, లోన్ 60 లక్షలు, వడ్డీ 8.5 శాతం, గడువు 20 ఏళ్లు. పూర్తి ఈఎంఐ నెలకు సుమారు 52,070 రూపాయలు. కానీ బ్యాంకు 60 లక్షలూ ఒకేసారి ఇవ్వదు. పని ఎంత జరిగితే అంత విడతల్లో బిల్డర్‌కు పంపుతుంది. పంపినంత మేరకే మీ దగ్గర వడ్డీ తీసుకుంటుంది. ఆ వడ్డీయే ప్రీ-ఈఎంఐ. అందులో అసలుకు ఒక్క రూపాయి కూడా పోదు.

మొదట 12 లక్షలు విడుదలైతే నెలకు 8,500. ఆరు నెలలకు మరో 18 లక్షలు ఇస్తే 21,250. ఏడాదికి ఇంకో 18 లక్షలు కలిస్తే 34,000. పద్దెనిమిదో నెలలో 9 లక్షలు వెళ్తే 40,375. రెండేళ్లకు పొజెషన్, అప్పుడు చివరి 3 లక్షలు. ఈ రెండేళ్లలో మీరు కట్టిన వడ్డీ 6,24,750 రూపాయలు. తాళాలు చేతికొచ్చిన రోజున అప్పు మాత్రం 60 లక్షలే.

ఇందులో చూడాల్సింది చివరి ఆరు నెలలు. మొత్తం వడ్డీలో దాదాపు రెండున్నర లక్షలు అక్కడే పోయాయి. పని ముందే చాలావరకు అయిపోయి ఫినిషింగ్ దగ్గర ఆగితే నష్టం ఎక్కువ. ఇదే ఫ్లాట్ 57 లక్షలు విడుదలయ్యాక ఒక ఏడాది ఆలస్యమైతే అదనంగా 4,84,500 పోతుంది, పైగా ఇంటద్దె ఎలాగూ ఉంటుంది.

అసలు జాగ్రత్త: ప్రతి విడతకూ సంతకం

ఇక్కడ తొందరపడకండి. ముందు అగ్రిమెంట్‌లోని పేమెంట్ షెడ్యూల్ తీసి ప్రతి విడత పక్కన ఏం రాసుందో చూడండి. ‘ఐదో స్లాబ్ ప్రారంభమైనప్పుడు’ అనే మాటకూ ‘ఐదో స్లాబ్ పూర్తయినప్పుడు’ అనే మాటకూ మధ్య కొన్ని వారాల వడ్డీ ఉంది. ‘పూర్తయినప్పుడు’ అని రాయించుకోవాలి. ఇది అగ్రిమెంట్‌పై సంతకం పెట్టకముందే అడగాలి, తర్వాత ఎవరూ మార్చరు.

లెటర్ వచ్చినప్పుడు సైట్‌కు వెళ్లండి. ఫోన్‌లో బిల్డర్ ఆఫీసువాళ్లు పంపే ఫొటోలు చాలవు. మీ బ్లాక్ ఏదో చూసుకుని, కింది నుంచి స్లాబులు లెక్కపెట్టండి. ‘ఏ’ బ్లాక్‌లో ఐదో స్లాబ్ పడితే ‘బీ’ బ్లాక్ వాళ్లకు కూడా అదే లెటర్ వెళ్లడం నేను చాలాసార్లు చూశాను. పైన సెంట్రింగ్ కట్టి, ఇనుము పరిచి ఉంటే అది స్లాబ్ అయినట్టు కాదు. కాంక్రీట్ పోసి ఉండాలి. బ్లాక్ పేరు కనబడేలా తేదీతో ఫొటో తీసుకోండి. మూడు నెలలకోసారి ప్రాజెక్టు పురోగతిని బిల్డర్ రెరా వెబ్‌సైట్‌లో పెట్టాలి, దాన్నీ సరిచూడండి.

బ్యాంకు ఇంజినీరు చూసి వస్తాడు కదా అంటారు. ఆయన చూసేది బ్యాంకు డబ్బుకు సరిపడా గోడలున్నాయా అని. మీ లెటర్ నాలుగు నెలలు ముందొచ్చిందా అని ఆయన పట్టించుకోడు. పై లెక్కలో ఏడాదికి తీయాల్సిన 18 లక్షలు ఎనిమిదో నెలలోనే తీస్తే, ఆ నాలుగు నెలలకు 51,000 రూపాయలు ఊరికే పోతాయి. 18 లక్షల మీద రోజు వడ్డీయే దాదాపు 419 రూపాయలు.

పని కాలేదని తేలితే ఫోన్‌లో గొడవ పడకండి. ఫొటో జతచేసి బిల్డర్‌కు ఈమెయిల్ పెట్టండి, బ్యాంకు వాళ్లకూ కాపీ పంపండి. పని పూర్తయి ఉంటే మాత్రం ఆపకండి. లెటర్‌లోని గడువు దాటితే బిల్డర్ మీ దగ్గర వడ్డీ అడుగుతాడు. ఆ గడువుకు వారం పది రోజుల ముందు డబ్బు విడుదల చేయమని బ్యాంకుకు రిక్వెస్ట్ ఇస్తే చాలు, అంతకు ముందు వద్దు.

డబ్బు వెళ్లాక స్టేట్‌మెంట్‌లో తేదీ చూడండి. డబ్బు నిజంగా ఇచ్చిన రోజు నుంచే వడ్డీ వేయాలని, శాంక్షన్ తేదీ నుంచో అగ్రిమెంట్ తేదీ నుంచో వేయకూడదని, చెక్కు రాసి తమ దగ్గరే ఉంచుకున్న రోజులకూ వేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2024 ఏప్రిల్‌లో స్పష్టంగా చెప్పింది. తేడా కనబడితే రాతపూర్వకంగా అడిగితే వెనక్కి వస్తుంది.

ప్రీ-ఈఎంఐయా, మొదటి నుంచే ఫుల్ ఈఎంఐయా?

ఫుల్ ఈఎంఐ తీసుకోవాలి. పై లెక్కలో మొదటి నెల నుంచే 52,070 కడితే, తొలి నెలలోనే 43,500 పైచిలుకు అసలుకు పోతుంది. రెండేళ్ల తర్వాత అప్పు 60 లక్షల బదులు దాదాపు 53 లక్షల దగ్గర ఉంటుంది. అద్దె కడుతూ అంత మోయలేనివాళ్లు మాత్రమే ప్రీ-ఈఎంఐ ఎంచుకోవాలి. మిగిలే డబ్బు మ్యూచువల్ ఫండ్లో పెడతామని చాలామంది చెబుతారు, కానీ కారు కొంటారు.

‘పొజెషన్ దాకా ఈఎంఐ లేదు, వడ్డీ మేమే కడతాం’ అనే ఆఫర్ల జోలికి అసలు వెళ్లకండి. లోన్ మీ పేరు మీద ఉంటుంది. బిల్డర్ వడ్డీ కట్టడం ఆపిన నెల బ్యాంకు ఫోన్ మీకే వస్తుంది, సిబిల్ స్కోరు మీదే పడిపోతుంది. పని కాకముందే మొత్తం డబ్బు ఇచ్చేయవద్దని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. ఇలాంటి పథకాలకు లోన్లు ఇవ్వొద్దని నేషనల్ హౌసింగ్ బ్యాంక్ 2019లో హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు చెప్పింది.

ఆలస్యమైతే, పొజెషన్ వస్తే

అగ్రిమెంట్‌లోని తేదీ దాటితే, రెరా చట్టం 18వ సెక్షన్ కింద పొజెషన్ దాకా ప్రతి నెలా వడ్డీ అడిగే హక్కు మీకుంది. తెలంగాణలో ఆ రేటు, ఎస్‌బీఐ తన లోన్లకు ఆధారంగా ప్రకటించే ఎంసీఎల్ఆర్ రేట్లలో అత్యధికమైనదానిపై మరో 2 శాతం. అది మీరు కట్టే ప్రీ-ఈఎంఐ మీద కాదు, బిల్డర్‌కు ఇచ్చిన సొమ్ము మీద లెక్క.

పొజెషన్ వచ్చాక చివరి 3 లక్షల విడత మిగిలిందని లోన్‌ను ప్రీ-ఈఎంఐలోనే వదిలేయకండి. ఈఎంఐ మొదలుపెట్టమని బ్యాంకుకు రాసివ్వండి. ఏళ్ల తరబడి వడ్డీ మాత్రమే కట్టినవాళ్లున్నారు.

ప్రీ-ఈఎంఐ వడ్డీకి పన్ను మినహాయింపు వస్తుందని ఏజెంట్లు ఊరిస్తారు. పాత పన్ను విధానంలో, ఇల్లు పూర్తయిన ఏడాది నుంచి ఐదు సమాన వాయిదాల్లో చూపించుకోవచ్చు, నిజమే. కానీ సొంతంగా ఉండే ఇంటికి ఆ ఏడాది వడ్డీతో కలిపి పరిమితి 2 లక్షలే. 60 లక్షల లోన్‌కు మొదటి ఏడాది మామూలు వడ్డీయే 5 లక్షల దాకా అవుతుంది, కాబట్టి ప్రీ-ఈఎంఐకి అక్కడ చోటు మిగలదు. భార్యాభర్తలిద్దరూ యజమానులుగా, లోన్‌లోనూ ఇద్దరూ ఉంటే ఒక్కొక్కరికి 2 లక్షల చొప్పున వస్తుంది. అలా అయినా 4 లక్షలే, ఇద్దరి పేర్లూ అగ్రిమెంట్ రాసే రోజే చేర్చాలి.