రూమ్ అద్దె కోతలో నేను చేసిన తప్పు

జీడిమెట్లలో మా యూనిట్ జీతాలు నేనే వేస్తాను. కంపెనీ అద్దెకు తీసుకున్న ఫ్లాట్‌లో ఆరుగురు కార్మికులు ఉండేవారు, అద్దె కింద ఒక్కొక్కరి జీతంలో 2,500 కోసేవాణ్ణి. "సార్, ఓనర్‌కి కట్టేది 12,000 కదా, మా దగ్గర 15,000 ఎందుకు?" అని ఒకతను అడిగాడు. నిజమే. సౌకర్యం విలువకు మించి కోయకూడదు, పైగా కార్మికుడు దానికి ఒప్పుకుని ఉండాలి. మా దగ్గర ఒక్క సంతకం కూడా లేదు.

కోత 2,000 చేసి, అందరి దగ్గరా తెలుగులో ఒప్పంద పత్రం తీసుకున్నాను. ఎక్కువ కోసింది తిరిగిచ్చేశాం.

అసలు టెన్షన్ తర్వాత వచ్చింది. సెలవుల వల్ల ఒకరికి ఆ నెల 7,000 మాత్రమే వచ్చింది. పీఎఫ్, ఈఎస్‌ఐ 893, రూమ్ 2,000, అడ్వాన్స్ 1,400 కలిపి 4,293. మొత్తం కోతలు జీతంలో సగం, అంటే 3,500 దాటకూడదు. అందుకని అడ్వాన్స్‌లో 793 పై నెలకు జరిపాను.

వ్యాన్ ఛార్జీ మాత్రం కోయడం మానేశాను. ఇల్లు కాని సౌకర్యాలకు ప్రభుత్వ అనుమతి ఉత్తర్వు ఉండాలి, మా దగ్గర అది లేదు.