రోజు అమ్మకాల వేరియన్స్ లెక్క కలవడం లేదా? ముందు ఇవి చూడండి

ఒక స్వీట్ షాపు అనుకుందాం. రోజుకు వచ్చే కస్టమర్లు N, ఒక్కొక్కరి బిల్లు X, రోజు మొత్తం అమ్మకం S. సూత్రాలు మీకు తెలిసినవే:

```
E[S]   = E[N]·E[X]
Var(S) = E[N]·Var(X) + Var(N)·(E[X])²
```

సమస్య: లెక్కలో వచ్చిన వేరియన్స్ అసలుకన్నా బాగా తక్కువ

ముందు రెండో పదం రాశారో లేదో చూడండి. ఈ ఒక్క పని చేయకుండానే డేటాలో తప్పుందని వచ్చేవాళ్లే ఎక్కువ. మామూలు రోజున N పాయిజాన్, సగటు 100 అనుకోండి. బిల్లు సగటు రూ. 200, స్టాండర్డ్ డీవియేషన్ రూ. 100. మొదటి పదం 10 లక్షలు, రెండోది 40 లక్షలు. రెండూ కలిపితే S స్టాండర్డ్ డీవియేషన్ రూ. 2,236. రెండో పదం వదిలేస్తే రూ. 1,000 మాత్రమే వస్తుంది. ఎంతమంది వస్తారో తెలియకపోవడమే ఇక్కడ పెద్ద అనిశ్చితి, బిల్లుల తేడా కాదు.

సమస్య: సిమ్యులేషన్‌లో వేరియన్స్ విపరీతంగా ఎక్కువ

కోడ్‌లో ఒకే బిల్లు తీసి, దాన్ని N తో గుణించి ఉంటారు. అంటే ఆ రోజు వచ్చినవాళ్లందరూ సరిగ్గా ఒకే మొత్తం కొన్నారన్నమాట. పై అంకెలకే స్టాండర్డ్ డీవియేషన్ రూ. 10,247కి ఎగబాకుతుంది.

```python
n = rng.poisson(100)
s = n * rng.gamma(4, 50)        # తప్పు
s = rng.gamma(4, 50, n).sum()   # సరైనది
```

సమస్య: రెండు పదాలూ ఉన్నాయి, సగటు కూడా సరిపోయింది, అయినా వేరియన్స్ తక్కువ

అసలు ముంచేది ఇదే. సగటు కలిసింది కాబట్టి అందరూ మోడల్ బాగుందనుకుంటారు.

మన షాపులో పది రోజుల్లో ఎనిమిది మామూలువి, రెండు రద్దీవి. రద్దీ రోజున కూడా N పాయిజానే, సగటు 200, బిల్లు సగటు రూ. 300, బిల్లు స్టాండర్డ్ డీవియేషన్ అదే రూ. 100. పండక్కి జనం ఎక్కువ వస్తారు, వచ్చినవాళ్లు కిలోల లెక్కన కొంటారు. అంటే N, X రెండూ రోజును బట్టి కలిసి పెరుగుతున్నాయి. పై సూత్రాలకు మాత్రం వాటి మధ్య సంబంధం ఉండకూడదు.

మరి సగటు ఎలా కలిసింది? బిల్లులన్నీ ఒకే కుప్పగా పోసి సగటు తీస్తే రూ. 233.33 వస్తుంది. రోజుకు సగటున 120 మంది. గుణిస్తే రూ. 28,000. నిజమైన సగటూ అంతే (0.8 × 20,000 + 0.2 × 60,000). ఇది కలవక తప్పదు, ఎందుకంటే మొత్తం డబ్బును మొత్తం జనంతో భాగించి, మళ్లీ జనంతో గుణించాం. మోడల్ సరైనదని దీనివల్ల ఏమీ రుజువు కాదు.

అదే కుప్ప అంకెలతో (Var(N) 1,720, బిల్లు వేరియన్స్ సుమారు 12,222) వేరియన్స్ సుమారు 9.51 కోట్లు, స్టాండర్డ్ డీవియేషన్ సుమారు రూ. 9,752. అసలుది చాలా ఎక్కువ.

పట్టుకోవడం సులువే. ఏ రోజుకారోజు బిల్లు సగటు తీసి, వాటి సగటు చూడండి: ఇక్కడ రూ. 220. 120తో గుణిస్తే రూ. 26,400. ఇది రూ. 28,000 కన్నా 1,600 తక్కువ. ఆ 1,600 రోజు రకం వల్ల కస్టమర్ల సగటు, బిల్లు సగటు కలిసి కదలడంలో వచ్చిన కోవేరియన్స్. రెండు సగటుల మధ్య ఇంత తేడా కనిపిస్తే ఆ సూత్రం పక్కన పెట్టేయండి.

పరిష్కారం: రోజు రకాన్ని బట్టి విడగొట్టండి. ఒక్కో రకం లోపల N, X లకు సంబంధం లేకపోతే పాత సూత్రం అక్కడ పనిచేస్తుంది. మామూలు రోజు వేరియన్స్ 50 లక్షలు, రద్దీ రోజుది 2 కోట్లు. ఆపైన టోటల్ వేరియన్స్ సూత్రం:

```
Var(S) = E[Var(S|D)] + Var(E[S|D])
```

D అంటే రోజు రకం. మొదటి భాగం 0.8 × 50 లక్షలు + 0.2 × 2 కోట్లు, అంటే 80 లక్షలు. రెండో భాగం 20,000, 60,000 అనే రెండు సగటుల మధ్య వేరియన్స్: 0.8 × 0.2 × 40,000² = 25.6 కోట్లు. మొత్తం 26.4 కోట్లు, స్టాండర్డ్ డీవియేషన్ రూ. 16,248. కుప్ప లెక్క ఇందులో మూడో వంతు దాటి కాస్తే పట్టుకుంది.

అలాగని రోజుల్ని మరీ చిన్న గుంపులుగా ముక్కలు చేయకండి. గుంపులో రెండు మూడు రోజులే ఉంటే వాటి సగటులు ఊరికే ఊగుతాయి, ఆ ఊగడం కూడా రెండో భాగంలో చేరిపోతుంది.

అరుదైనవి

టార్గెట్ రాగానే షట్టర్ దించేసే షాపులో N బిల్లులను బట్టే తేలుతుంది. అప్పుడు వాల్డ్ సమీకరణం వల్ల సగటు నిలబడవచ్చు, వేరియన్స్ సూత్రం మాత్రం నిలబడదు. ఒకటి రెండు భారీ హోల్‌సేల్ ఆర్డర్లు ఉంటే వాటిని వేరే లెక్కలో పెట్టండి, చాలు.

ఇంకొక మాట. రేపటికి సరుకు లెక్క వేసేటప్పుడు 16,248 వాడకండి. అది ఏ రోజో తెలియనప్పటి అంకె. రేపు పండగని క్యాలెండర్లోనే ఉంది కదా, రూ. 60,000 సగటు, రూ. 4,472 స్టాండర్డ్ డీవియేషన్ తీసుకోండి. మామూలు రోజైతే రూ. 20,000, రూ. 2,236.