పై నుంచి తీసిన ఫొటోలో కార్ల లెక్క ఎక్కువ వస్తోందా? గడి వెడల్పు దగ్గర వెతకండి

గుంటూరు ఇన్నర్ రింగ్ రోడ్డు పక్కన ఒక ఫంక్షన్ హాలు ఉందని, దాని పార్కింగ్ స్థలాన్ని డ్రోన్‌తో నిట్టనిలువుగా పై నుంచి ఫొటో తీశారని అనుకుందాం. ఫొటోలో ప్రహరీ నుంచి ప్రహరీ వరకు పొడవు 690 పిక్సెళ్లు, వెడల్పు 461 పిక్సెళ్లు. కార్లు నిలిపే గడులు ఆరు వరుసలుగా ఉన్నాయి. రెండు వరుసలు ప్రహరీలను ఆనుకొని ఉండగా, నాలుగు మధ్యలో జంటలుగా ఉన్నాయి. గడి కొలత మన దగ్గర సాధారణంగా వాడే 2.5 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు.

సమస్య: లెక్క 276 కార్లని వస్తోంది, స్థలం చూస్తే సగమే పట్టేలా ఉంది.

మొత్తం వైశాల్యాన్ని ఒక గడి వైశాల్యంతో, అంటే 12.5 చదరపు మీటర్లతో, భాగించినప్పుడు ఈ అంకె వస్తుంది. ఈ లెక్కలో కార్లు తిరగడానికి దారే లేదు. వైశాల్యాన్ని వదిలేసి, వరుస పొడవును గడి వెడల్పుతో భాగించాలి. రెండింటినీ పిక్సెళ్లలోనే కొలుస్తాం కాబట్టి ఈ దశలో మీటర్లతో పని లేదు.

సమస్య: వరుసల వారీగా లెక్కించినా, ఒక్కో వరుసలో రెండు మూడు గడులు ఎక్కువ వస్తున్నాయి.

ఎక్కువ మంది తడబడేది ఇక్కడే. ఫొటోను పెద్దది చేసి, ఒక గీత లోపలి అంచు నుంచి పక్క గీత లోపలి అంచు వరకు కొలిస్తే 22 పిక్సెళ్లు వచ్చిందనుకోండి. 690ని 22తో భాగిస్తే వరుసకు 31, ఆరు వరుసలకు 186. ఈ కొలతలో రెండు లోపాలున్నాయి. గీతకు కూడా సుమారు 10 సెంటీమీటర్ల మందం ఉంటుంది, ఈ ఫొటోలో అది దాదాపు ఒక పిక్సెల్. లోపలి అంచులు పట్టుకుంటే ఆ మందం లెక్కలోంచి జారిపోతుంది. పైగా అంచు ఎక్కడుందో కంటితో గుర్తించడంలో మరో పిక్సెల్ అటూ ఇటూ అవుతుంది. ఒకే గడిని కొలిచినప్పుడు ఈ చిన్న తేడా వరుసలోని ప్రతి గడికీ అంటుకుంటుంది. ఒక్కో పిక్సెల్ 30 సెంటీమీటర్లుండే ఉపగ్రహ చిత్రమైతే గడి వెడల్పు మొత్తం ఎనిమిది పిక్సెళ్లే కాబట్టి, ఒక్క పిక్సెల్ పొరపాటు పన్నెండు శాతం అవుతుంది.

పరిష్కారం ఏమిటంటే, మొదటి గీత ఎడమ అంచు నుంచి పదకొండో గీత ఎడమ అంచు వరకు ఒకేసారి కొలిచి, పదితో భాగించాలి. పది గడులకు పదకొండు గీతలుంటాయన్న సంగతి మరవకూడదు. మన ఫొటోలో అది 240 పిక్సెళ్లు, అంటే గడికి 24. అప్పుడు 690ని 24తో భాగిస్తే 28.75, మిగిలిన ముప్పావు గడిలో కారు పట్టదు కనుక 28 మాత్రమే తీసుకోవాలి. భిన్నాన్ని వరుస వరుసకూ విడిగా కొట్టివేయాలి, అన్నీ కూడిన తరువాత కాదు.

సమస్య: 168 వచ్చింది, కానీ వెళ్లి లెక్కిస్తే ఇంకా తక్కువే ఉన్నాయి.

మధ్య వరుసలు ప్రహరీ దాకా సాగవు. కార్లు ఒక దారి నుంచి మరో దారికి మళ్లడానికి రెండు చివరలా సుమారు 6 మీటర్లు వదలాలి. గడికి 24 పిక్సెళ్లు కాబట్టి 6 మీటర్లంటే 58 పిక్సెళ్లు. 690లో 116 తీసేస్తే 574, అంటే వరుసకు 23 గడులు, నాలుగు వరుసలకు 92. ప్రహరీ వరుసల్లో ఒకటి పూర్తిగా 28. 6 మీటర్ల గేటు ఉన్న రెండోదానిలో మూడు గడులు పోయి 25. మొత్తం 145.

ఈ అంకె నమ్మదగినదో లేదో చూడటానికి ఇప్పుడు వైశాల్యం పనికొస్తుంది. స్థలం సుమారు 72 మీటర్లకు 48 మీటర్లు, అంటే దాదాపు 3,450 చదరపు మీటర్లు. కారుకు 24 దాకా పడుతోంది. దిల్లీ మాస్టర్ ప్లాన్ 2021 ఆరుబయట పార్కింగ్‌కు కారుకు 23 చదరపు మీటర్లు లెక్కగడుతుంది. మీ లెక్కలో కారుకు 18 చదరపు మీటర్ల లోపు వస్తే ఎక్కడో దారిని మింగేశారని అర్థం.

సమస్య: దూరపు వరుసల్లో గడులు చిన్నగా, లేదా ఏటవాలుగా కనిపిస్తున్నాయి.

డ్రోన్‌ను వంచి తీసిన ఫొటోలో దగ్గరి వరుసలో పది గడులు 240 పిక్సెళ్లయితే, దూరపు వరుసలో 222 కావచ్చు. ఆ వరుస పొడవు కూడా అదే పాళ్లలో తగ్గుతుంది కనుక, ఏ వరుసను ఆ వరుస గడితోనే కొలిస్తే సరిపోతుంది. గడులు దారికి ఏటవాలుగా గీసి ఉంటే మాత్రం, గీతకు లంబంగా కాక దారి వెంబడి కొలవాలి. 45 డిగ్రీల వాలులో 24 పిక్సెళ్ల గడి దారి వెంబడి 34 పిక్సెళ్లు ఆక్రమిస్తుంది.

గీతలే లేని మట్టి స్థలాల్లో వరుసగా నిలిపిన కార్లలో మొదటిదాని ఎడమ అంచు నుంచి పదకొండోదాని ఎడమ అంచు వరకు దూరాన్ని తీసుకొని పదితో భాగించవచ్చు, కానీ పెళ్లిళ్ల రోజు ఫొటోను వాడకూడదు. ఆ రోజు డ్రైవర్లు బండిలోనే ఉంటారు కాబట్టి దారుల్లోనూ కార్లు నిలుపుతారు, తలుపు తెరవడానికి చాలనంత దగ్గరగా కూడా సర్దుతారు.