రాస్టర్ పాఠాలు – 7: కోనసీమలో మంచు ఎలా పడింది?

పోయిన పాఠంలో వరల్డ్‌కవర్ ల్యాండ్ కవర్ రాస్టర్‌నూ, ఎస్ఆర్‌టీఎం ఎత్తుల రాస్టర్‌నూ ఒకే ఆదేశంతో EPSG:32644 లోకి, అంటే యూటీఎం 44వ జోన్ ప్రొజెక్షన్‌లోకి, మార్చమన్నాను. ఆ ఆదేశంలో `-r bilinear` ఉంది. రెండు రాస్టర్లకూ దాన్నే ఇవ్వడం నా తప్పు. అభ్యాసం చేసి పంపినవారిలో చాలామందికి ఒకే చిక్కు వచ్చింది. అమలాపురం చుట్టుపక్కల చెరువు గట్ల వెంట తెల్లని చుక్కలు కనబడ్డాయి. వాటి మీద నొక్కి చూస్తే 70 అని వచ్చింది. వరల్డ్‌కవర్ పట్టికలో 70 అంటే మంచు. ఎత్తుల పాఠం మొదలుపెట్టే ముందు దీని సంగతి తేల్చుకుందాం.

ప్రొజెక్షన్ మార్చినప్పుడు కొత్త గడుల కేంద్రాలు పాత గడుల కేంద్రాల మీద పడవు. అందుకని ప్రతి కొత్త గడికీ ఒక విలువ తేవాలి. నియరెస్ట్ నైబర్ అన్నింటికంటే దగ్గరున్న పాత గడి విలువను ఉన్నదున్నట్టు తెస్తుంది. బైలీనియర్ చుట్టూ ఉన్న నాలుగు గడుల విలువలను దూరాన్ని బట్టి కలిపి సగటు తీస్తుంది.

ఇప్పుడు ఒక గట్టు దగ్గర నిలబడి లెక్క వేద్దాం. ఇటు చెరువు, దాని కోడ్ 80. అటు వరి పొలం, దాని కోడ్ 40. కొత్త గడి కేంద్రం చెరువు గడి కేంద్రం నుంచి పొలం వైపు పావు దూరంలో పడిందనుకోండి. బైలీనియర్ ఇచ్చేది 80 × 0.75 + 40 × 0.25, అంటే 70. అదే మనకు కనిపించిన మంచు. సరిగ్గా మధ్యలో పడితే 60, అంటే బీడు నేల. ముప్పావు దూరంలో పడితే 50, అంటే కట్టడాలు. అక్కడ బీడూ లేదు, ఇళ్లూ లేవు. నీరు, దాని పక్కన పొలం, అంతే. 80 నీటి లోతు కాదు, 40 పంట ఎత్తు కాదు. ఆ అంకెలు పేర్లకు పెట్టిన గుర్తులు. బస్సు నంబర్ల సగటు తీస్తే మరో బస్సు నంబరు రావచ్చు గానీ, ఆ బస్సు మన ఊరికి పోదు.

మంచు కనబడింది కాబట్టి తప్పు పట్టుకోగలిగాం. కనబడనిది ఇంకా ప్రమాదం. కొబ్బరి తోట పక్కన ఇల్లు ఉందనుకోండి. తోట చెట్ల తరగతిలోకి వస్తుంది కాబట్టి 10, ఇల్లు 50. పావు, సగం, ముప్పావు దూరాల్లో వచ్చేవి 20, 30, 40, అంటే పొదలు, గడ్డి, పంట. మూడూ కోనసీమలో ఉండదగ్గవే. పటం చూసి ఎవరూ అనుమానించరు. ఇంటింటి చుట్టూ లేని పంట పొలం విస్తీర్ణంలోకి చేరిపోతుంది.

ఇక్కడ ఒక అలవాటు గురించి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఏటా ఇదే చూస్తున్నాను. బైలీనియర్ తరువాత 47, 63, 78 లాంటి విలువలు వస్తాయి. పట్టికలో లేని కోడ్‌లు కదా అని కొందరు వాటిని దగ్గరి పదికి సవరిస్తారు. 47 కాస్తా 50 అవుతుంది, 63 కాస్తా 60 అవుతుంది, పటం శుభ్రంగా కనబడుతుంది. దయచేసి ఇది చేయకండి. 47 ఉన్నంతసేపు ఆ గడి చెడిపోయిందని మనకు తెలుస్తుంది. దాన్ని 50 చేశాక ఆ గడి ఒక ఇల్లు. ఇక ఏ తనిఖీకీ దొరకదు. సరిదిద్దే దారి ఒక్కటే: ఆ ఫైలును తీసేసి, దించుకున్న అసలు ఫైలు నుంచి మళ్లీ మొదలుపెట్టడం.

```
gdalwarp -t_srs EPSG:32644 -tr 10 10 -tap -r near lc.tif lc_utm.tif
```

`-r` ఇవ్వకపోయినా gdalwarp `near` నే తీసుకుంటుంది. అయినా నేను ఎప్పుడూ రాస్తాను. ఆరు నెలల తరువాత ఆదేశం చూసినప్పుడు ఏం చేశానో దాన్ని చూసే తెలియాలి. ఫలితాన్ని తనిఖీ చేయడానికి క్యూజిఐఎస్‌లో Raster layer unique values report నడపండి. పట్టికలోని కోడ్‌లు తప్ప మరొకటి కనబడితే ఎక్కడో సగటు జరిగింది.

నియరెస్ట్ నైబర్‌కూ ఒక లోటుంది. వరల్డ్‌కవర్ గడి కోనసీమ దగ్గర ఉత్తర దక్షిణాలుగా సుమారు 9.2 మీటర్లు. దాన్ని 10 మీటర్లకు మారిస్తే పన్నెండు పదమూడు వరుసలకు ఒకటి చొప్పున రాలిపోతుంది. ఒక్క గడి వెడల్పున్న పంటకాలువ అక్కడ తెగిపోవచ్చు. విస్తీర్ణాల లెక్కకు ఇది పెద్దగా అడ్డం కాదు, కాలువ ఎక్కడి నుంచి ఎక్కడికి పారుతుందో చూసే పనికి అడ్డమే.

ఇక ఎత్తులు. మంచు చూసి భయపడిన కొందరు అరకు ఎత్తుల రాస్టర్‌కు కూడా `near` పెట్టి పంపారు. వారి హిల్‌షేడ్‌లో, అంటే ఎత్తులను బట్టి వెలుగునీడలు వేసిన పటంలో, కొండల మీద సన్నని గీతలున్నాయి. అవి నేలలో లేవు. ఎస్ఆర్‌టీఎం గడి ఒక ఆర్క్ సెకను. అరకు దగ్గర అది ఉత్తర దక్షిణాలుగా సుమారు 30.7 మీటర్లు, తూర్పు పడమరలుగా 29.4 మీటర్లు. 30 మీటర్ల గడిలోకి మారిస్తే సుమారు నలభై వరుసలకు ఒకటి రెండుసార్లు వస్తుంది, సుమారు యాభై నిలువు వరుసలకు ఒకటి మాయమవుతుంది.

ఉత్తరానికి 20 డిగ్రీల వాలున్న కొండను తీసుకోండి. వాలు లెక్కకు అటు గడి, ఇటు గడి ఎత్తుల తేడాను 60 మీటర్లతో భాగిస్తాం. రెండుసార్లు వచ్చిన వరుస దగ్గర ఆ తేడాలో రెండు మెట్లకు బదులు ఒక్క మెట్టే ఉంటుంది. 20 డిగ్రీలు అక్కడ 11 కంటే తక్కువకు పడిపోతాయి. తూర్పు వాలు మీద, వరుస మాయమైన చోట, అదే 20 డిగ్రీలు 28 దాకా పెరుగుతాయి. ఎత్తు చూస్తే ఒక్క గడి కూడా తప్పుగా అనిపించదు, ప్రతి అంకే అసలు రాస్టర్‌లోదే. తప్పంతా పక్క గడులతో ఉన్న తేడాలో ఉంది. అందుకే ఎత్తుల రాస్టర్‌ను హిల్‌షేడ్ వేసి చూడనిదే నమ్మను.

ఎత్తు నిజమైన కొలత. 912 మీటర్లకూ 920 మీటర్లకూ నడుమ నేల 916 దగ్గర ఉంటుందనుకోవడం సబబే.

```
gdalwarp -t_srs EPSG:32644 -tr 30 30 -tap -r bilinear -ot Float32 -srcnodata -32768 -dstnodata -9999 dem.tif dem_utm.tif
```

`-ot Float32` మరచిపోకండి. అసలు ఫైలులో పూర్ణాంకాలే ఉన్నాయి, అది లేకపోతే సగటును మళ్లీ పూర్ణాంకం చేసి దాస్తుంది, చదునైన చోట్ల మెట్లు వస్తాయి. బైలీనియర్ శిఖరాలను కొద్దిగా తగ్గిస్తుంది, సన్నని లోయలను కొద్దిగా పూడుస్తుంది. వాలు కోసం నేను దాన్ని ఒప్పుకుంటాను. శిఖరం ఎత్తు కావాలంటే ప్రొజెక్షన్ మార్చని ఫైలులోనే చదువుతాను.

అభ్యాసం: అరకు ఎత్తులను `near` తో ఒకసారి, `bilinear` తో ఒకసారి మార్చి, రెండింటికీ వాలు రాస్టర్ తీసి, ఒకదాని నుంచి మరొకటి తీసివేయండి. తేడా ఎక్కువగా ఉన్న గీతల మధ్య దూరాన్ని గడుల్లో లెక్కించి, పైన చెప్పిన నలభై, యాభైతో సరిపోల్చండి. గీతలు నిటారుగా కాకుండా కొద్దిగా ఒరిగి మెట్లుమెట్లుగా ఉంటాయి. 44వ జోన్ మధ్య రేఖ 81 డిగ్రీల తూర్పు రేఖాంశం, అరకు దానికి రెండు డిగ్రీల దగ్గరలో ఉంది. ఒరుగుడు ఎంత ఉండాలో లెక్క వేసి, మీ పటం మీద కొలిచిన కోణంతో పాటు పంపండి.