ప్రమోషన్ వచ్చినవాళ్లకి రాసే మొదటి మెసేజ్‌లో డెమో మాట వద్దు

బెంగళూరులో సేల్స్ చేస్తున్న మనవాళ్లకి ఒక మాట. లింక్డ్‌ఇన్‌లో ఎవరికో ప్రమోషన్ వచ్చిందని కనబడగానే, అది రెడీగా చూపించే అభినందన నొక్కేసి కిందే డెమో ఎప్పుడు పెట్టుకుందామని అడిగితే, అది ఎర అని వాళ్లకి వెంటనే తెలిసిపోతుంది.

పీణ్యలో ఒక పర్చేజ్ మేనేజర్ గారు ప్లాంట్ హెడ్ అయ్యారు. "అభినందనలు సార్. స్టోర్స్‌లో ప్రతి ర్యాక్‌కీ మీరు రంగు కార్డులు పెట్టించడం చూశాను, అలా పనిచేసే మీకు ఈ పదవి రావడం సంతోషంగా ఉంది" అని రాసి ఊరుకున్నాను. థాంక్స్ చెప్పారు. కొత్త సీటులో కుదురుకునేదాకా మూడు వారాలు ఆగి, ముందుగా ఏది సరిచేయాలనుకుంటున్నారని అడిగాను. కంప్రెసర్ లైన్లలో గాలి లీకులన్నారు, అసలు మాట అక్కడ మొదలైంది. వాళ్లు చేసిన పని ఒక్కటీ మీకు తెలియకపోతే మాత్రం ఉత్త అభినందనతో ఆపేయండి.