హీట్ ట్రాన్స్‌ఫర్ నోట్సు పంపుతున్నా, ఇలా వాడు

ఒరేయ్, గేట్ కోసం హీట్ ట్రాన్స్‌ఫర్ మొత్తం 12 పేజీలకు కుదించాను. పీడీఎఫ్ పంపుతున్నా. మద్దిలపాలెంలో ప్రింట్ తీయించుకో, కానీ ఒకవైపే. వెనక తెల్ల వైపుతోనే అసలు పని. పేజీ ఒకసారి చదివి, తిప్పేసి, చూడకుండా రాయి. ఆగిపోయిన చోటికే పుస్తకం తెరువు.

ఎల్ఎమ్‌టీడీ పేజీ తీసుకో. వేడి నీళ్లు 90 నుంచి 50 డిగ్రీలకు దిగుతున్నాయి, చల్లనివి 30 నుంచి 40కి ఎక్కుతున్నాయి. ఫార్ములా జోలికి పోకముందే రెండు గీతలు గీసి బాణాలు పెట్టు. ఎదురెదురు ప్రవాహమైతే ఒక చివర తేడా 50, రెండో చివర 20. ఆ రెండింటి తేడా 30ని ln(2.5)తో భాగిస్తే దాదాపు 32.7. అదే ఒకే దిశలో అయితే తేడాలు 60, 10, జవాబు 27.9కి పడిపోతుంది. బొమ్మ లేకపోతే ఇవే తారుమారవుతాయి.

జవాబు ఎప్పుడూ ఆ రెండు తేడాల మధ్యే, వాటి సగటు కన్నా తక్కువగానే ఉండాలి. మొదటి లెక్కకు 75 వచ్చిందా, కాలిక్యులేటర్‌లో ln బదులు log నొక్కావన్నమాట.

డెరివేషన్లు ఇందులో పెట్టలేదు. వైవాకి మాత్రం దీన్ని నమ్ముకోకు రా.